జీడిపిక్కలను పలాస ఫ్యాక్టరీలకు నేరుగా అమ్మాలనుకునే రైతు సంఘాలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో, అంటే పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు జీడితోటలున్న రైతుల సంఘాలు, ఎఫ్‌పీఓలనే రైతు ఉత్పత్తిదారుల సంస్థలు, ఊళ్ళో పిక్కలు కొని పోగుచేసే కుర్రాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. ఇక్కడ రాసిందంతా పచ్చి పిక్కల, అంటే పప్పు తీయని పిక్కల, టోకు అమ్మకం గురించే. పప్పు గురించి చివర్లో కొంచెం ఉంది. ధరలు ఎక్కడ రాసినా అవి లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే, ఇవాళ్టి మార్కెట్ రేట్లు కావు.

పలాస మన పక్కనే ఉంది కదా, అయినా మన పిక్కలు మూడు చేతులు మారి ఎందుకు వెళ్తున్నాయి?

దూరం వల్ల కాదు. ఫ్యాక్టరీకి కావాల్సింది ఒక లారీ సరుకు, అదీ అంతా ఒకే రకంగా ఉన్న సరుకు, మన రైతు దగ్గర ఉండేది రెండు మూడు బస్తాలు. సంతలో కూర్చునే వ్యాపారి ఆ రెండేసి బస్తాలు కొంటాడు, పెద్ద షావుకారు వాటిని పోగేస్తాడు, ఆయన దగ్గర నుంచి బ్రోకరు ద్వారా ఫ్యాక్టరీకి వెళ్తాయి. వీళ్ళు చేసే పని నిజంగా పనే, ఊరికే తినడం లేదు, ఒకరు చేతిలో డబ్బు పెడుతున్నారు, ఒకరు గోనెలు, బండి చూసుకుంటున్నారు. సంఘం ఆ మధ్య భాగం తీసుకోవాలంటే ఆ పనులన్నీ తానే చేయాలి. ఎక్కువ సంఘాలు ఈ మాట మర్చిపోయి, "దళారి లేకుండా అమ్ముతాం" అని బ్యానర్ కట్టి, లారీ నింపలేక ఆగిపోతాయి.

పైగా ఆ మూడు చేతుల్లో ఎవరూ నాణ్యత చూసి రైతుకు వేరే రేటు ఇవ్వరు. బాగా ఎండిన పిక్కకీ, పచ్చిగా రాల్చిన పిక్కకీ సంతలో దాదాపు ఒకటే ధర. ఫ్యాక్టరీ దగ్గర మాత్రం తేడా ఉంటుంది. మీకు మిగిలేది ఏదైనా ఉంటే అది ఆ తేడాలోనే ఉంది.

ఫ్యాక్టరీ యజమానుల సంఘం దగ్గరికి వెళ్తే వాళ్ళు కొంటారా?

కొనరు. పలాస-కాశీబుగ్గలో ఉన్నది తయారీదారుల సంఘం, అంటే కొనేవాళ్ళ సంఘం. అది సరుకు కొనదు, అమ్మదు, మీకు ఫలానా రేటు ఇప్పించే బాధ్యతా దానికి లేదు. అక్కడికి వెళ్ళి "మా దగ్గర మంచి పిక్కలున్నాయి, గిట్టుబాటు ధర ఇప్పించండి" అంటే టీ ఇచ్చి పంపిస్తారు.

మరి ఎందుకు వెళ్ళాలి? సభ్యుల్లో ఎవరు స్థానిక పిక్క ఎక్కువ వాడతారు, ఎవరు ఆఫ్రికా నుంచి దిగుమతైన పిక్క మీదే నడుస్తారు, ఎవరికి ఎంత సామర్థ్యం ఉంది అనేది ఆఫీసులో రోజూ కూర్చునే వాళ్ళకు తెలుసు. మీరు వెళ్ళి అడగాల్సింది ఒక్కటే: "ఈ సీజన్‌లో మార్చి చివరి నుంచి మే దాకా పది టన్నుల చొప్పున లాట్లు ఇవ్వగలం, పిక్కలు కోసి చూసిన కటింగ్ రిపోర్టు ఇదిగో, దీన్ని మీ సభ్యులకు పంపిస్తారా?" ఇది వాళ్ళకు ఖర్చు లేని పని, కాబట్టి సాధారణంగా కాదనరు. ఆ కాగితం చూసి ఇద్దరు ముగ్గురు ఫోన్ చేస్తే చాలు. అక్కడి నుంచి మాటలు ఆ ఫ్యాక్టరీతో, తయారీదారుల సంఘంతో కాదు.

మొదటిసారి వెళ్ళేటప్పుడు ఏం పట్టుకెళ్ళాలి?

ఒక పేజీ కాగితం, రెండు కిలోల శాంపిల్. ఆ పేజీలో సంఘం పేరు, రిజిస్ట్రేషన్, జీఎస్టీ నంబరు, సరుకు ఏ మండలాల నుంచి వస్తుంది (మన వైపు బ్లాకులు అంటారు, అక్కడ మండలం అంటేనే అర్థమవుతుంది), ఏ వారంలో ఎన్ని బస్తాలు, తేమ శాతం, కిలోకి ఎన్ని పిక్కలు, ఔట్‌టర్న్ ఎంత. అంతే. రైతుల ఫొటోలు, సంఘం చరిత్ర, కలెక్టర్ గారితో దిగిన ఫొటో ఇవేవీ వద్దు. వాటిని చూసి ఎవరూ లారీ పంపరు.

శాంపిల్ మాత్రం నిజమైన శాంపిల్ అయి ఉండాలి. ఏరి ఏరి పెద్ద పిక్కలు సంచిలో వేసుకెళ్తే మొదటి లారీ దిగిన రోజే అది బయటపడుతుంది, ఆ తర్వాత మీ ఫోన్ ఎత్తరు.

ఔట్‌టర్న్ అంటే ఏమిటి? మేమే తీయగలమా?

జీడి వ్యాపారంలో ధర నడిచేది ఈ ఒక్క అంకె మీదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. 80 కిలోల పిక్కల బస్తా కోస్తే ఎన్ని పౌండ్ల పనికొచ్చే పప్పు వస్తుందో అది ఔట్‌టర్న్. ప్రపంచమంతా పిక్కల బస్తాని 80 కిలోల లెక్కలో చూస్తుంది, పలాసలో రేటు చెప్పేదీ 80 కిలోల బస్తాకే. పప్పుని పౌండ్లలో కొలవడం పాత ఎగుమతి అలవాటు, అదలా ఉండిపోయింది.

తీయడానికి లాబొరేటరీ అక్కర్లేదు. కావాల్సినవి గ్రాము వరకూ చూపించే చిన్న డిజిటల్ కాటా, పిక్కలు కోసే చేతి కట్టర్, గ్లవ్స్. గ్లవ్స్ లేకుండా కూర్చోవద్దు, పెంకులోని జీడి చేతికి అంటితే చర్మం కాలి పుండవుతుంది.

ముందు శాంపిల్ తీయడం. అసలు పొరపాట్లన్నీ ఇక్కడే జరుగుతాయి. మూటలన్నీ వరసగా పెట్టి, పదిలో ఒక బస్తా అయినా విప్పి, పై నుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి పిక్కలు తీసి ఒకచోట కుప్ప పోయాలి. కుప్పని కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు ఉంచుకుని మిగతావి తీసేయాలి. మళ్ళీ కలిపి మళ్ళీ నాలుగు చేయాలి. ఇలా తగ్గించుకుంటూ సరిగ్గా కిలో మిగిలేదాకా వెళ్ళాలి. చేత్తో ఏరి కిలో చేస్తే కంటికి నచ్చినవే చేతికొస్తాయి, మనసులో మోసం లేకపోయినా సరే.

ఆ కిలోలో పిక్కలు లెక్కపెట్టండి. తర్వాత ఒక్కొక్కటీ నిలువుగా కోసి పప్పుని మూడు కుప్పలుగా వేయండి. మొదటిది నిండైన తెల్లటి పప్పు. రెండోది సగం పనికొచ్చేది, అంటే కాస్త ముడతపడ్డది, లేతది, మచ్చలున్నది. మూడోది పనికిరానిది, పూర్తిగా కుళ్ళినది, బూజు పట్టినది, నూనె కారినట్టు పసుపు తిరిగినది, పురుగు తిన్నది, ఖాళీ పిక్కలు. పప్పుని పొట్టుతోనే తూకం వేస్తారు. మొదటి కుప్ప బరువు పూర్తిగా, రెండో కుప్ప బరువులో సగం కలపాలి, మూడోది సున్నా.

ఒక లాట్‌లో కిలోకి 182 పిక్కలు వచ్చాయనుకుందాం. మంచి పప్పు 262 గ్రాములు, సగం పనికొచ్చేది 16 గ్రాములు, అందులో సగం 8. మొత్తం 270 గ్రాములు. లెక్క ఇది:

270 × 80 ÷ 453.6 = 47.6 పౌండ్లు

453.6 అంటే ఒక పౌండులో ఉండే గ్రాములు. ఈ లెక్క ఫోన్‌లో ఎవరైనా చేయగలరు. ఒకే లాట్‌కి మూడు శాంపిళ్ళు కోసి సగటు తీస్తే ఇంకా నమ్మకంగా ఉంటుంది, ఎందుకంటే ఒక్క కిలోలో అదృష్టం కూడా ఉంటుంది.

పిక్కల లెక్క ఎందుకు అడుగుతారు, ఔట్‌టర్న్ ఉంటే చాలదా?

చాలదు. ఔట్‌టర్న్ పప్పు ఎంతో చెప్తుంది, లెక్క ఆ పప్పు ఎంత సైజో చెప్తుంది. బజార్లో డబ్ల్యూ 240 అంటే పౌండుకి 220 నుంచి 240 గుండ్లు, అంటే విరగని పప్పులు, డబ్ల్యూ 320 అంటే 300 నుంచి 320. సైజు పెద్దదైన కొద్దీ ధర ఎక్కువ. కిలోకి 210 దాటే చిన్న పిక్కల్లో చిన్న గ్రేడ్లే ఎక్కువ వస్తాయి కాబట్టి ఔట్‌టర్న్ బాగున్నా ఫ్యాక్టరీ కాస్త తగ్గించి అడుగుతుంది. పాత గింజ మొక్కల తోటలు, అంటు మొక్కల తోటలు కలిసి ఉన్న ఊళ్ళో రెండూ వేరు బస్తాల్లో కట్టించండి, కలిపితే మొత్తానికీ చిన్న పిక్క రేటే పడుతుంది.

ఆ పౌండ్ల తేడా డబ్బులో ఎంత?

46 పౌండ్ల ఔట్‌టర్న్‌కి బస్తా 12,000 రూపాయలు అని ఫ్యాక్టరీతో మాట కుదిరింది, పైన కింద ఎంత ఉంటే దామాషాగా లెక్క అనుకుందాం. అంటే పౌండుకి 261 రూపాయలు. పైన కోసిన 47.6 పౌండ్ల లాట్‌కి బస్తా దాదాపు 12,420 అవుతుంది.

ఇప్పుడు అదే ఊరి పిక్కలు, కానీ వేరు చేయకుండా, ఎండబెట్టకుండా కట్టిన లాట్ తీసుకోండి. మంచి పప్పు 238 గ్రాములు, సగం పనికొచ్చేది 20 గ్రాములు. లెక్కకొచ్చేది 248 గ్రాములు, ఔట్‌టర్న్ 43.7 పౌండ్లు, బస్తా 11,410. బస్తాకి వెయ్యి రూపాయల తేడా. పది టన్నుల లారీలో 125 బస్తాలుంటాయి కాబట్టి ఒక్క లారీ మీద లక్షా పాతిక వేలు. చాలా సంఘాలకి ఏడాదంతా ఆఫీసు నడపడానికి అయ్యే ఖర్చులో ఇది పెద్ద భాగం.

కొన్ని ఫ్యాక్టరీలు దామాషాకి ఒప్పుకుంటాయి కానీ ఒక గీత పెడతాయి, అంటే 43 కంటే తక్కువైతే లారీ వెనక్కి పంపే హక్కు మాకుంది అని. ఈ గీత ఎక్కడుందో లారీ బయల్దేరక ముందే కాగితం మీద రాయించుకోవాలి.

మా లాట్లకి తక్కువ వస్తోంది. కారణం ఎలా పట్టుకోవాలి?

మూడు కుప్పలే చెప్తాయి. రెండో కుప్పలో లేత, ముడత పప్పు ఎక్కువుంటే పిక్కని చెట్టు మీద నుంచి కోసేస్తున్నారు లేదా కర్రతో రాలుస్తున్నారు. జీడిపండు తనంతట తాను రాలిన తర్వాతే పిక్క ఏరాలి. దొంగతనం భయంతో ముందే కోసే ఊళ్ళు మన వైపు చాలా ఉన్నాయి, అక్కడ కాపలా ఏర్పాటు చేయకుండా నాణ్యత గురించి ఎన్ని మీటింగులు పెట్టినా లాభం లేదు.

మూడో కుప్పలో బూజు ఎక్కువుంటే పండు గుజ్జు పిక్కకి అంటుకుని ఉండగానే మూట కట్టారు, లేదా సరిగా ఎండలేదు, లేదా ప్లాస్టిక్ సంచుల్లో కట్టారు. పండుని మెలితిప్పి పిక్క తీస్తే గుజ్జు అంటుకోదు. గోనె సంచి గాలి ఆడనిస్తుంది, యూరియా సంచి చెమట పట్టిస్తుంది. పసుపు తిరిగి నూనె వాసన వచ్చే పప్పు కనిపిస్తే నిరుటి పిక్క కలిపారని అర్థం, ఎవరి బస్తానో నంబరు చూసి పట్టుకోవచ్చు. అందుకే ప్రతి బస్తాకీ సభ్యుడి నంబరు రాయడం మొదటి రోజు నుంచే అలవాటు చేయాలి.

ఎండబెడితే బరువు తగ్గుతుంది, సభ్యులు ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?

వాళ్ళ బాధలో న్యాయం ఉంది. 14 శాతం తేమున్న వెయ్యి కిలోల పిక్కలు 9 శాతానికి వచ్చేసరికి 945 కిలోలవుతాయి. 55 కిలోలు గాల్లో కలిసిపోయాయి, షావుకారుకి పచ్చిగా అమ్మితే ఆ 55 కిలోలకీ డబ్బొచ్చేది. కాబట్టి ఎండిన పిక్కకీ పచ్చి పిక్కకీ ఒకటే రేటు పెట్టి "నాణ్యత పాటించండి" అంటే ఎవరు వింటారు?

రెండు దారులున్నాయి. ఒకటి, సంఘమే పచ్చిగా తక్కువ రేటుకి కొని, తన కళ్ళం మీద ఎండబెట్టడం. రెండోది, రైతే ఎండబెట్టి తెస్తే ఎక్కువ రేటు ఇవ్వడం, కానీ తేమ మీటరుతో ముందు అతని ఎదురుగానే చూడటం. నాకైతే మొదటిదే మేలనిపిస్తుంది, ఎందుకంటే ఎండ ఒకేలా పడుతుంది, లాట్ ఒకేలా తయారవుతుంది. శుభ్రమైన సిమెంటు కళ్ళం మీద పల్చగా పరిచి, మధ్యమధ్యలో తిరగేస్తూ, మంచి ఎండలో రెండు మూడు రోజులు. రాత్రి కుప్ప చేసి టార్పాలిన్ కప్పాలి. చేతిలోకి తీసుకుని ఊపితే పప్పు లోపల కదిలి గలగలమనాలి, గోరుతో నొక్కితే పెంకు దిగకూడదు. ఫ్యాక్టరీలు మామూలుగా 10 శాతం లోపు అడుగుతాయి, నిల్వ ఉంచాలంటే 8, 9 దగ్గర ఉంటే నిశ్చింత.

భువనేశ్వర్ మేళాల్లో, ఢిల్లీ ప్రదర్శనల్లో స్టాల్ తీసుకోవాలా?

పచ్చి పిక్కలకైతే స్టాల్ వద్దు, వెళ్ళి చూడటం మాత్రం మంచిదే. మన వైపు సంఘాలకి ఒడిశా ప్రభుత్వ గ్రామీణ మార్కెటింగ్ సంస్థ ఒర్మాస్ ద్వారా శిశిర్ సరస్, పల్లిశ్రీ మేళాల్లో చోటు దొరుకుతుంది, భువనేశ్వర్‌లో జనవరి చివర్లో మొదలయ్యే ఆదివాసీ మేళా ఉండనే ఉంది. ఇవన్నీ చిల్లర అమ్మకానివి. జనం సంచి పట్టుకుని వచ్చి పావు కిలో పప్పు, పసుపు, తేనె కొనుక్కుంటారు. అక్కడ పది రోజులు కూర్చుంటే ఖర్చులు పోగా కొంత మిగలొచ్చు, కానీ ఒక్క ఫ్యాక్టరీ మనిషి కూడా మీ స్టాల్ ముందు ఆగడు. రాడు కూడా, ఎందుకంటే జనవరిలో చెట్టు మీద పూతే ఉంటుంది, పిక్క మార్చికి గానీ రాదు.

ఢిల్లీలో ఐటీపీఓ జరిపే ఆహార్, ఆహార శుద్ధి మంత్రిత్వ శాఖ జరిపే వరల్డ్ ఫుడ్ ఇండియా వేరే రకం. వీటికి కొనుగోలు మేనేజర్లు, హోటళ్ళ వాళ్ళు, ఎగుమతిదారులు, యంత్రాల కంపెనీలు వస్తారు. కానీ అక్కడా వాళ్ళు చూసేది పప్పు. 2023లో వరల్డ్ ఫుడ్ ఇండియా నవంబరులో జరిగింది, 2024లో, 2025లో సెప్టెంబరులో. అప్పటికి మన పిక్కలు ఎప్పుడో అమ్ముడైపోయుంటాయి. అంటే ఆ ప్రదర్శన వచ్చే సీజన్ మాట మొదలుపెట్టడానికే పనికొస్తుంది. ఇద్దరు మనుషులు, కటింగ్ రిపోర్టులు, నిరుటి లారీల బిల్లుల నకళ్ళు, ఇవి తీసుకుని సందర్శకులుగా వెళ్ళి, జీడిపప్పు పెట్టిన ప్రతి స్టాల్ దగ్గరా "పిక్క ఎక్కడి నుంచి తెచ్చుకుంటారు, ఏ నెలలో కొరత?" అని అడగండి. ఆ రెండు ప్రశ్నలకీ జవాబు చెప్పడానికి స్టాల్ మనుషులకి అభ్యంతరం ఉండదు, పైగా వాళ్ళూ అక్కడ ఖాళీగానే ఉంటారు మధ్యాహ్నం పూట.

రెండో ప్రశ్న ముఖ్యం. ఆఫ్రికా పిక్క ఓడల్లో వచ్చి ఫ్యాక్టరీ చేరడానికి సమయం పడుతుంది. నిరుటి నిల్వ అయిపోయి, కొత్త దిగుమతి ఇంకా అందని ఆ మధ్య వారాల్లో స్థానిక పిక్కకి గిరాకీ ఉంటుంది. మన పంట సరిగ్గా ఆ సమయానికే వస్తుంది, అయితే ఓడలు దిగాక ధర మెత్తబడటం కూడా మామూలే. "మే దాకా పట్టి ఉంచితే ధర పెరుగుతుంది" అని సంతలో చెప్పే మాట ప్రతి ఏడాదీ నిజం కాదు.

కొనుగోలుదారుల సమావేశానికి పిలిచారు, ఫారంలో "నెలకి సరఫరా సామర్థ్యం" అని అడిగారు. ఎంత రాయాలి?

సభ్యుల చెట్లన్నీ లెక్కేసి వచ్చే పంట మొత్తం రాయొద్దు. నిరుడు సంఘం కళ్ళానికి నిజంగా వచ్చిన బస్తాలెన్నో అంతే రాయండి. కొత్త సంఘమైతే ఒక లారీ రాయండి. ఫిక్కీ, సీఐఐ, ఉత్కల్ ఛాంబర్ లాంటి సంస్థలు జరిపే ఇలాంటి సమావేశాల్లో ఒక్కో కొనుగోలుదారుతో పావుగంట దొరికితే గొప్ప, అందులో వాళ్ళు పరీక్షించేది మీ మాట నిలబడుతుందా అనే. "వంద టన్నులు" అని రాసిన సంఘాన్ని తేమ ఎంత, ఎక్కడ నిల్వ చేస్తారు, డబ్బు ఎలా తిప్పుతారు అని మూడు ప్రశ్నలు అడిగేసరికి బండారం బయటపడుతుంది. మాటలు హిందీలోనో ఇంగ్లిషులోనో సాగుతాయి, కాబట్టి లెక్కలు తెలిసిన మనిషి వెళ్ళాలి, అధ్యక్షుడే వెళ్ళాలని రూలేం లేదు.

మాట ఇచ్చాక సభ్యులు బయట అమ్మేసుకుంటే?

అమ్ముకుంటారు. షావుకారు పూత మీదే అడ్వాన్సు ఇచ్చి ఉంటాడు, లేదా సంతలో చేతిలో నోట్లు పెడతాడు. సంఘం "ఫ్యాక్టరీ డబ్బు రాగానే ఇస్తాం" అంటుంది. పెళ్ళో, ఆసుపత్రో ఉన్నవాడు ఏది ఎంచుకుంటాడో చెప్పక్కర్లేదు. నా దృష్టిలో సంఘాలు దెబ్బతినేది మార్కెట్ దొరక్క కాదు, ఇక్కడ.

దీనికి తిరుగుడు డబ్బు కావాలి. ఒక లారీ కొనడానికి పద్నాలుగు లక్షలు పడుతుందనుకుంటే, బస్తా తెచ్చిన రోజు అందులో డెబ్బై శాతమైనా సభ్యుడికి ఇవ్వగలగాలి, మిగతాది కటింగ్ లెక్క తేలాక. అంటే చేతిలో పది లక్షలు ఉండాలి. 2020లో మొదలైన పది వేల ఎఫ్‌పీఓల పథకంలో ఉన్న సంఘాలకి సభ్యుడి వాటాకి సమానంగా రెండు వేల దాకా, మొత్తం మీద 15 లక్షలకి మించకుండా ఈక్విటీ గ్రాంటు దొరుకుతుంది, బ్యాంకు అప్పుకి రెండు కోట్ల దాకా హామీ సదుపాయం ఉంది. నాబార్డుకి చెందిన నాబ్‌కిసాన్ లాంటి సంస్థలు కూడా ఎఫ్‌పీఓలకి అప్పిస్తాయి. ఏదైనా సరే జనవరిలోపు అడగాలి. మార్చిలో దరఖాస్తు పెడితే జూన్‌లో డబ్బొస్తుంది, అప్పటికి చెట్టు కింద ఏమీ ఉండదు.

డబ్బు లేకపోతే లారీ అంతా ఒప్పుకోకుండా, నలభై బస్తాలతో ఇంకో సంఘంతో కలిసి లారీ నింపండి. బస్తాల నంబర్లు, కటింగ్ మాత్రం ఎవరివి వాళ్ళకే.

ఫ్యాక్టరీ దగ్గర కటింగ్ తక్కువ వచ్చిందంటున్నారు. అప్పుడేం చేయాలి?

మా వైపు ఒక సంఘం లారీ దిగాక, ఇక్కడ 47 వచ్చిన లాట్‌కి అక్కడ 44 చూపించారు. శాంపిల్ ఏ బస్తాల నుంచి తీశారో వీళ్ళు చూడలేదు, లారీ కిరాయి ఎక్కిపోతోంది, వెనక్కి తెచ్చే ధైర్యం లేదు, ఒప్పుకున్నారు. అది మోసమా, శాంపిల్ తేడానా అని ఇప్పటికీ తేల్చలేం. తేల్చలేకపోవడమే ఇక్కడ అసలు సమస్య.

దీనికి మందు లోడింగ్ దగ్గరే ఉంది. కొనేవాళ్ళ మనిషి లోడింగ్ రోజు వచ్చి, ఇద్దరి ఎదుట శాంపిల్ తీసి కోయాలి. ఆ కుప్పలోంచే మరో మూడు కిలో సంచులు కట్టి సీలు వేయాలి, ఒకటి వాళ్ళకి, ఒకటి మీకు, ఒకటి తగాదా వస్తే మూడో మనిషి దగ్గర కోయడానికి. "లోడింగ్ దగ్గరి కటింగే ఆఖరు" అని ఆర్డరులో ఉండాలి. మొదటి లారీకి ఫ్యాక్టరీ ఇందుకు ఒప్పుకోకపోవచ్చు. అలాంటప్పుడు లారీతోపాటు కోయడం తెలిసిన మీ మనిషిని పంపించండి, ఒక పౌండు దాకా తేడా వస్తే సగటు తీసుకుందామని, అంతకు మించితే సీలు సంచి విప్పుదామని ముందే రాసుకోండి. పౌండు తేడా నిజాయితీగా కోసినా వస్తుంది.

తూకం విషయం కూడా చూసుకోండి. గోనె బరువు తీసేస్తారు, కానీ ఉజ్జాయింపుగా కాకుండా పది ఖాళీ గోనెలు తూచి సగటు తీయించండి.

జీఎస్టీ కావాలా? మేం రైతులమే కదా?

సభ్యుడు రైతే, సంఘం కాదు. జీఎస్టీ చట్టంలో వ్యవసాయదారుడంటే సొంతంగా సాగు చేసే వ్యక్తి లేదా హిందూ ఉమ్మడి కుటుంబం. కంపెనీగా, సహకార సంఘంగా రిజిస్టరైన ఎఫ్‌పీఓ ఆ మాట కిందికి రాదు. పైగా మనం ఒడిశాలో ఉండి ఆంధ్రాలో అమ్ముతున్నాం, రాష్ట్రం దాటి పన్నున్న సరుకు అమ్మితే టర్నోవరు ఎంత చిన్నదైనా రిజిస్ట్రేషన్ తప్పదు. సరిహద్దు జిల్లాల్లో చాలామందికి ఇదే తెలియదు, పలాస మన ఊరే అన్నట్టుంటుంది కదా.

పచ్చి జీడిపిక్కలకి ఇంకో మెలిక ఉంది. రైతు దగ్గర కొన్నప్పుడు 5 శాతం పన్ను కొనేవాళ్ళే కట్టాలి, దీన్నే రివర్స్ చార్జి అంటారు. 125 బస్తాలు సగటున 11,500కి కొన్నారనుకుంటే కొనుగోలు 14,37,500, దాని మీద 71,875 రూపాయలు పన్ను. ఇది నగదుగానే కట్టాలి, పాత క్రెడిట్‌తో సర్దుబాటు చేయడానికి లేదు. తర్వాత ఫ్యాక్టరీకి 12,420 చొప్పున అమ్మితే 15,52,500, దాని మీద ఫ్యాక్టరీ నుంచి 5 శాతం ఐజీఎస్టీ 77,625 వసూలు చేస్తారు. ముందు కట్టిన 71,875 క్రెడిట్‌గా తీసుకుంటే ఇంకా కట్టాల్సింది 5,750. అంటే పన్ను మీ జేబులోంచి పోదు, కానీ ఫ్యాక్టరీ డబ్బు ఆలస్యమైతే ఆ డెబ్బై వేలు ముందు మీరే సర్దాలి. తిరుగుడు డబ్బు లెక్కలో దీన్ని మర్చిపోవద్దు. రైతు బిల్లు ఇవ్వడు కాబట్టి సంఘమే తన పేర బిల్లు రాసుకోవాలి, లారీ కదిలేటప్పుడు ఈ-వే బిల్లు ఉండాలి. సీజన్‌కి ముందు ఒకసారి అకౌంటెంట్‌తో కూర్చోండి.

ఛాంబర్‌లో సభ్యత్వం తీసుకోవాలా?

రెండు మూడు లారీలు అమ్మాక చూద్దురుగాని. ఎగుమతి ఆలోచన ఉంటే ఎగుమతులు చూసే సంస్థల గురించి అప్పుడు తెలుసుకోవచ్చు, పచ్చి పిక్కలు పలాసకి అమ్మడానికి వాటి అవసరం లేదు.

మేమే పప్పు తీసి అమ్మితే ఎక్కువ మిగలదా?

లెక్క మీద మిగులుతుంది. కానీ పప్పు తీయడమంటే ఉడకబెట్టడం, కోయడం, ఆరబెట్టడం, పొట్టు తీయడం, గ్రేడు చేయడం, వీటన్నిట్లో గుండు విరగకుండా చూడటం. గుండుకీ బద్దకీ ముక్కకీ ధరలో ఉండే తేడా వల్ల, చేయి తిరగని వాళ్ళు తీస్తే వచ్చిన లాభమంతా ముక్కల్లోనే పోతుంది. దానికి తోడు ఆహార భద్రత లైసెన్సు, పిక్కలు సీజన్‌లో కొని ఏడాదంతా నడపడానికి పెట్టుబడి. రెండు సీజన్లు పిక్కలు అమ్మి, మీ ఊరి పిక్కకి నిలకడగా ఎంత ఔట్‌టర్న్ వస్తుందో చేతిలో రికార్డు ఉన్నాక ఆ మాట ఎత్తితే బ్యాంకు కూడా వింటుంది. అప్పటిదాకా కావాలంటే కొన్ని బస్తాలు పలాసలోనే కూలికి పప్పు తీయించి, భువనేశ్వర్ మేళాలో చిల్లరగా అమ్మి చూడండి. ఏ గ్రేడు ఎంతొచ్చిందో రాయించుకుని తెచ్చుకుంటే, మీ పిక్క గురించి కటింగ్ చెప్పని సంగతులు కూడా ఆ కాగితంలో తెలుస్తాయి.